ట్రైకోమోనాస్‌కు సిస్ట్ లేదు, అందుకే ఆ నమూనాను ఐస్‌బాక్సులో పెట్టకూడదు

విజయనగరంలో నేను పనిచేసే ల్యాబ్‌కు మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒక ఐస్‌బాక్సు వస్తుంది. రాజాం, చీపురుపల్లి, గరివిడి కలెక్షన్ సెంటర్లలో పొద్దున తీసిన రక్తం ట్యూబులు, మూత్రం డబ్బాలు అందులో ఉంటాయి. బస్సులో వేసిన పెట్టె మా టేబుల్ మీదకు చేరేసరికి రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది. రక్తానికి అది పెద్ద ఇబ్బంది కాదు. కానీ ఒక ఫిబ్రవరిలో ఆ ట్యూబుల మధ్య సెలైన్‌లో ముంచిన ఒక స్వాబ్ కూడా వచ్చింది. స్లిప్పు మీద 'తెల్లబట్ట, దురద, వెట్ మౌంట్' అని రాసి ఉంది. వెట్ మౌంట్ అంటే స్రావాన్ని సెలైన్ చుక్కలో, రంగు వేయకుండా మైక్రోస్కోప్ కింద చూడటం. స్లైడ్ వేసి చూశాను. పస్ సెల్స్, అంటే చీములో ఉండే తెల్లరక్తకణాలు బోలెడు ఉన్నాయి, ఇంకేమీ కనిపించలేదు. 'ట్రైకోమోనాస్ కనపడలేదు' అని రిపోర్టు రాశాను. ఆ రిపోర్టు తప్పు. నేను పొరపాటున చదివి కాదు, చదవడానికి వీలులేని నమూనాను చదివినందుకు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే తెల్లబట్ట, దురద తెచ్చే ట్రైకోమోనాస్ వెజైనాలిస్ అనే ఈ ఏకకణ జీవి ఎలా బతుకుతుందో తెలియాలి. 1836లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డోనే అనే వైద్యుడు యోని స్రావాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి మొదటిసారి దీన్ని చూశాడు. తాజా స్రావంలో అది కదులుతూ ఉంది కాబట్టే ఆయన కంటపడింది. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మా జిల్లాలోని చిన్న ల్యాబుల్లో దీన్ని పట్టుకునే దారి అదే.

ఇంటర్ జువాలజీ చదివినవాళ్లకు ఎంటమీబా హిస్టోలిటికా గుర్తుండే ఉంటుంది. దానికి రెండు రూపాలు. పేగులో తింటూ, తిరుగుతూ, రెండుగా చీలుతూ ఉండే రూపాన్ని ట్రోఫోజోయిట్ అంటారు. మలంతో బయటికి వెళ్లే ముందు అది ఒంటిని గుండ్రంగా చుట్టుకుని, చుట్టూ గట్టి గోడ కట్టుకుంటుంది. అదే సిస్ట్. ఆ గోడ ఉన్నంతకాలం తడి నేలలో, చెరువు నీళ్లలో రోజులు, వారాలు ఓపిక పట్టగలదు. ఎవరో ఆ నీళ్లు తాగితే కడుపులో గోడ విప్పుకుని మళ్లీ బతుకు మొదలుపెడుతుంది. జియార్డియాదీ అదే పద్ధతి.

ట్రైకోమోనాస్‌కు ఆ రెండో రూపం లేదు. పుట్టినప్పుడు ట్రోఫోజోయిట్, చీలినప్పుడు ట్రోఫోజోయిట్, ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లేటప్పుడూ ట్రోఫోజోయిట్టే. గోడ లేదు, నిల్వ ఉండే దశ లేదు. ఎండితే చస్తుంది. మామూలు నీళ్లు తగిలితే ఉబ్బి పగిలిపోతుంది. కాబట్టి అది తడి ఆరకుండా ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి చేరాలి, అంటే దాదాపు ఎప్పుడూ లైంగిక కలయిక ద్వారానే. తడి గుడ్డ మీద కొన్ని గంటలు బతికిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి వేరే దారి బొత్తిగా అసాధ్యం అనలేం. కానీ రోజూ కనిపించే కేసుల్ని ఆ దారితో వివరించలేం. కాన్పు సమయంలో తల్లి నుంచి ఆడబిడ్డకు రావచ్చు, అదీ అరుదే.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, స్వాబ్ పంపిన ఆమె తర్వాత ల్యాబ్‌కు వచ్చినప్పుడు తోడుగా వచ్చిన అత్తగారు మొదట అడిగినది ఇదే. "ఏటమ్మా, పెళ్లికి ఎళ్లినప్పుడు కల్యాణమండపం బాత్రూంలో అంటుకుందంతావా?" అని. బాత్రూం గచ్చు మీద ఈ జీవి కాచుకుని కూర్చోలేదు, కాచుకోవడానికి కావాల్సిన సిస్ట్ దానికి లేదు. ఆ సమాధానం ఆమెకు నేను అక్కడ చెప్పలేదు. ఆ మాట అందరి ముందు చెప్పేది కాదు, డాక్టరమ్మ కోడలితో ఒక్కదానితోనే మాట్లాడాల్సిన విషయం.

ఇక దాని కదలిక. ఆకారంలో ఇది పియర్ పండులా ఒక వైపు సన్నగా ఉంటుంది. పొడవు సుమారు 10 మైక్రాన్లు, అంటే ఒక తెల్లరక్తకణం అంత. ముందు వైపు నాలుగు కశాభాలు కొరడాల్లా కొట్టుకుంటూ ఉంటాయి. ఐదోది వెనక్కి మళ్లి, ఒంటికి అంటుకున్న పల్చటి పొరకు అంచులా ఉంటుంది. ఆ పొర అలలా ఊగుతుంది, అయితే ఒంటి పొడవులో సగం వరకే ఉంటుంది. వెనక వైపు నుంచి ఆక్సోస్టైల్ అనే సన్నటి పుల్ల పొడుచుకుని వస్తుంది. ముందు కొరడాలు లాగుతుంటే, పక్కన పొర అలలా ఊగుతుంటే, మొత్తం ఒళ్లు కుదుపులతో, పక్కకు తిరుగుతూ, పొర్లుతూ పోతుంది. భోగాపురం తీరంలో వల నుంచి జారి ఇసుక మీద పడ్డ చేపపిల్ల కొట్టుకోవడం చూసుంటే ఆ కుదుపు అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, ఇది కుదుపుతో పాటు ముందుకీ పోతుంది.

మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఇక్కడే ఎక్కువ తడబడతారు. స్లైడ్ మీద ఏది కదిలినా ట్రైకోమోనాస్ అంటారు. కవర్‌స్లిప్ కింద ద్రవం పారుతుంటే కణాలన్నీ ఒకే దిక్కుకు కొట్టుకుపోతాయి, అది కదలిక కాదు, ప్రవాహం. చిన్న చిన్న రేణువులు ఉన్నచోటే వణుకుతుంటాయి, అది నీటి అణువుల తాకిడి. వీర్యకణం కదులుతుంది గానీ దానికి చిన్న తల, ఒక పొడుగు తోక. నిజమైన ట్రైకోమోనాస్ అయితే ప్రవాహానికి ఎదురు తిరుగుతుంది, పక్కనున్న పస్ సెల్‌ను తోస్తుంది. నేను మొదట వెతికేది ఆ తోపుడే. పది రెట్ల లెన్స్ మీద ఎక్కడో ఒక పస్ సెల్ ఊరికే కదిలితే, అక్కడ ఆగి నలభై రెట్ల లెన్స్‌కు మారతాను. కండెన్సర్ కొంచెం కిందికి దించి వెలుతురు తగ్గించాలి. లేకపోతే రంగు వేయని ఈ జీవి వెలుగులో కలిసిపోతుంది.

ఇప్పుడు ఐస్‌బాక్సు దగ్గరికి వద్దాం. చలి తగిలితే ఈ జీవి కశాభాలను ఒంట్లోకి ముడుచుకుని గుండ్రంగా అయిపోతుంది. దీన్ని సూడోసిస్ట్ అంటారు, పేరులో సిస్ట్ ఉంది గానీ చుట్టూ గోడ ఏమీ ఉండదు. గుండ్రంగా, కదలకుండా, తెల్లరక్తకణం సైజులో ఉన్నదాన్ని వందల పస్ సెల్స్ మధ్య నేను ఎలా గుర్తుపడతాను? గుర్తుపట్టలేను. ఎవరూ గుర్తుపట్టలేరు. చచ్చిన ట్రైకోమోనాస్ కూడా అచ్చం పస్ సెల్‌లాగే కనిపిస్తుంది. మలంలో అమీబా సిస్టులైతే ఫార్మలిన్‌లో వేసి తీరిగ్గా పంపినా దొరుకుతాయి, గోడ వాటి ఆకారాన్ని నిలబెడుతుంది. ట్రైకోమోనాస్ విషయంలో మనం ఆకారాన్ని వెతకడం లేదు, కదలికను వెతుకుతున్నాం. కదలిక ఆగిన క్షణం నుంచి ఆ పరీక్షకు అర్థం లేదు.

అందుకే వెట్ మౌంట్‌కు గడియారం ముఖ్యం. స్వాబ్ తీసిన పది నిమిషాల్లో చూస్తే మంచిది. గంట దాటితే దొరికే అవకాశం బాగా పడిపోతుంది. సెలైన్ 0.9 శాతందే వాడాలి, చల్లగా ఉండకూడదు, చలికాలం పొద్దున్నయితే ట్యూబును కాసేపు అరచేతిలో పట్టుకుంటే చాలు. స్రావం ఫంగస్ వల్లనా అని చూడటానికి వేసే కెవోహెచ్ చుక్కను అదే స్లైడ్ మీద వేస్తే ట్రైకోమోనాస్ చచ్చిపోతుంది. రెండు చుక్కలకు రెండు స్లైడ్లు కావాలి. ఒక్క స్లైడ్ ఆదా చేద్దామని చూసి జబ్బును పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇవన్నీ సరిగ్గా చేసినా, వెట్ మౌంట్ ఉన్న కేసుల్లో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే పట్టుకుంటుంది. ఇది నచ్చని నిజం. కనిపిస్తే ఉన్నట్టే, సందేహం లేదు. కనిపించకపోతే లేనట్టు కాదు. డైమండ్ మీడియం లాంటి ద్రవంలో 37 డిగ్రీల దగ్గర ఐదు రోజులు పెంచి, మధ్యమధ్యలో చూస్తే ఇంకొన్ని బయటపడతాయి. కానీ కల్చర్‌కు కూడా ప్రాణంతో ఉన్న జీవే కావాలి, కాబట్టి ఐస్ అక్కడా శత్రువే. జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ తరహా పరీక్షలకు మాత్రం కదలిక అక్కర్లేదు, ప్రాణమూ అక్కర్లేదు. అవి నూటికి 95కు పైగా పట్టుకుంటాయి. మా దగ్గర నుంచి ఆ నమూనా విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లాలి, ఖర్చూ ఎక్కువే. నా అభిప్రాయం అడిగితే, దూరం నుంచి పంపాల్సి వస్తే పీసీఆర్‌కు పంపాలి, లేదా మనిషినే ల్యాబ్ ఉన్నచోటుకు పిలవాలి. వెట్ మౌంట్‌ను బస్సెక్కించడం దండగ.

ల్యాబ్ అందుబాటులో లేనిచోట పీహెచ్‌సీ డాక్టర్‌కు ఇంకో చిన్న సాయం ఉంది, పీహెచ్ కాగితం. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లై అనే మేలు చేసే బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తూ పీహెచ్‌ను 4.5 లోపు ఉంచుతాయి. ట్రైకోమోనాస్ ఉన్నచోట అది సాధారణంగా 4.5 దాటుతుంది. ఫంగస్ వల్ల వచ్చే తెల్లబట్టలో పీహెచ్ పెద్దగా మారదు. అయితే ఈ లాక్టోబాసిల్లై తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగినప్పుడు వచ్చే బ్యాక్టీరియల్ వజైనోసిస్‌లోనూ పీహెచ్ పెరుగుతుంది. కాబట్టి కాగితం 'ఇది ఫంగస్ కాకపోవచ్చు' అని చెబుతుంది, అంతకుమించి చెప్పదు. పచ్చగా, నురగతో వచ్చే స్రావం అని పుస్తకాల్లో రాసే లక్షణం కొందరిలోనే కనిపిస్తుంది. చాలామందికి అసలు ఏ ఇబ్బందీ ఉండదు.

ఆ ఫిబ్రవరి కేసును ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. ఆమెకు ముప్పై లోపు వయసు. భర్త చెన్నైలో కట్టడం పనిలో ఉంటాడు. సిరిమాను పండక్కి వచ్చి పది రోజులు ఉండి వెళ్లాడు. నవంబరులో ఆమెకు తెల్లబట్ట, మంట మొదలయ్యాయి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష లేకుండా లక్షణాన్ని బట్టి ఆకుపచ్చ కిట్ ఇచ్చారు. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. మొదటిది ట్రైకోమోనాస్‌కు, బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కు. రెండోది ఫంగస్‌కు. వారంలో నెమ్మదించింది. సంక్రాంతికి భర్త మళ్లీ వచ్చాడు. ఫిబ్రవరి మొదటి వారంలో అదే మంట మళ్లీ వచ్చింది. ఈసారి స్వాబ్ తీసి మాకు పంపారు, నేను పైన చెప్పిన రిపోర్టు ఇచ్చాను. ఆ రిపోర్టును నమ్మి ఫంగస్ మందు మరో దఫా రాశారు. తగ్గలేదు.

రెండు వారాల తర్వాత ఆమె అత్తగారితో టౌనుకు వచ్చింది. పక్క గదిలో డాక్టరమ్మ స్వాబ్ తీసి కాస్త సెలైన్ ఉన్న ట్యూబులో ముంచి నా చేతికి ఇచ్చారు. మూడు నిమిషాల్లో స్లైడ్ లెన్స్ కింద ఉంది. రెండో ఫీల్డ్‌లోనే కొట్టుకుంటూ పోతున్నవి నాలుగు కనిపించాయి. పదిహేను రోజుల ముందు ఐస్‌బాక్సులో వచ్చిన పస్ సెల్స్‌లో ఎన్ని పస్ సెల్స్ కావో అప్పుడు అనిపించింది.

ఇక్కడ డాక్టరమ్మ ముందున్న ప్రశ్న: నవంబరులో వాడిన మందు పనిచేయలేదా, లేక మందు పనిచేశాక మళ్లీ అంటుకుందా? మందు ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ ప్రశ్నకు దారి దొరుకుతుంది. మెట్రోనిడజోల్, టినిడజోల్, సెక్నిడజోల్ మూడూ ఒకే కుటుంబం, నైట్రోఇమిడజోల్స్. మింగినప్పుడు అవి ఇంకా విషం కాదు. ట్రైకోమోనాస్‌లో మన కణాల్లా మైటోకాండ్రియా ఉండవు, వాటి బదులు హైడ్రోజినోసోమ్‌లు ఉంటాయి. గాలి తక్కువ ఉన్నచోట శక్తి తయారుచేసుకునే అవయవాలు అవి. అక్కడ ఫెర్రిడాక్సిన్ అనే ప్రోటీన్ ఎలక్ట్రాన్లను మోస్తుంటుంది. మందు అణువు లోపలికి వెళ్లి ఆ ఎలక్ట్రాన్‌ను అందుకోగానే చురుకైన విషంగా మారి, ఆ జీవి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. తనకు అన్నం పెట్టే యంత్రమే మందును విషం చేస్తుంది. మన కణాల్లో ఆక్సిజన్ ఉంటుంది, ఆ మార్పును వెనక్కి తిప్పేస్తుంది. అందుకే మందు దాన్ని చంపి మనల్ని వదిలేస్తుంది.

సిస్ట్ లేకపోవడం ఇక్కడ మనకు కలిసొస్తుంది. అమీబిక్ విరేచనాల్లో మెట్రోనిడజోల్ ఇచ్చాక డైలోక్సనైడ్ లాంటి రెండో మందు కూడా ఇస్తారు, ఎందుకంటే పేగులో మిగిలిన సిస్టులను మొదటి మందు సరిగ్గా తుడవలేదు. ట్రైకోమోనాస్‌లో మందుకు తప్పించుకుని దాక్కునే నిద్ర దశ లేదు. ఉన్నవన్నీ మేలుకుని, తింటూ, మందును లోపలికి తీసుకునేవే. కాబట్టి ఒక్క మందు చాలు. మందు సరిపడా మోతాదులో చేరాలి, అంతే.

అయితే చేరాల్సిన చోటు యోని ఒక్కటే కాదు. ఈ జీవి మూత్రనాళంలో, దాని పక్కనున్న చిన్న గ్రంథుల్లో కూడా ఉంటుంది. మెడికల్ షాపులో జెల్ కొనుక్కుని లోపల రాసుకుంటే అక్కడికి మందు చాలినంత వెళ్లదు. మంట తగ్గుతుంది, జబ్బు మిగులుతుంది. మింగే మాత్ర రక్తం ద్వారా అన్ని మూలలకూ వెళ్తుంది. మోతాదు విషయంలోనూ ఒకప్పటి అలవాటు మారింది. ఆడవాళ్లలో 2 గ్రాముల మెట్రోనిడజోల్ ఒక్కసారి ఇవ్వడాన్ని, 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఏడు రోజులు ఇవ్వడంతో పోల్చిన అధ్యయనం 2018లో వచ్చింది. నాలుగు వారాల తర్వాత చూస్తే ఒక్క మోతాదు వాడినవాళ్లలో 19 శాతం మందిలో, ఏడు రోజులు వాడినవాళ్లలో 11 శాతం మందిలో జీవి ఇంకా ఉంది. అందుకే ఇప్పుడు అమెరికా మార్గదర్శకాల్లో ఆడవాళ్లకు ఏడు రోజుల కోర్సు, మగవాళ్లకు ఒకేసారి 2 గ్రాములు అని ఉంటుంది. సెక్నిడజోల్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 17 గంటలు పడుతుంది, మెట్రోనిడజోల్‌కు 8 గంటలు. కిట్‌లో ఒక్క మోతాదుతో సరిపెట్టడానికి కారణం అదే.

కాబట్టి నవంబరు మందు తప్పు మందు కాదు. ఆమెకు తగ్గింది కూడా. తేలికపాటి నిరోధకత ఉన్న జీవులు ఉంటాయి, నిజమే. కానీ మందు మారుద్దాం, డోసు పెంచుదాం అనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆమె భర్త మందు వాడాడా? వాడలేదు. అతనికి ఏ ఇబ్బందీ లేదు, ఎవరూ అడగలేదు. మగవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలు ఉండవు, మూత్రంలో వెతికినా మైక్రోస్కోప్ కింద దొరకడం కష్టం. అందుకే భాగస్వామిలో పరీక్ష కోసం ఎదురుచూడకుండా మందు ఇచ్చేస్తారు.

డాక్టరమ్మ ఆమెకు మెట్రోనిడజోల్ 500, రోజుకు రెండు, ఏడు రోజులు రాశారు. భర్తతో ఫోన్‌లో మాట్లాడి, చెన్నైలోనే దగ్గరున్న డాక్టర్‌ను కలిసి అదే వారంలో 2 గ్రాములు వేసుకోమన్నారు. ఇద్దరి మందూ అయిపోయి, లక్షణాలు పోయేదాకా కలవొద్దన్నారు. నోరు లోహంలా చేదుగా ఉంటుంది, మూత్రం ముదురు రంగులో రావచ్చు, భయపడొద్దని ముందే చెప్పారు. లేకపోతే మూడో రోజుకే మాత్రలు ఆపేసేవాళ్లు చాలామంది. మందుతో పాటు మద్యం వద్దని కూడా ఇద్దరికీ చెప్పారు. ఆ హెచ్చరికకు గట్టి ఆధారాలు లేవని అమెరికా మార్గదర్శకాలు ఇప్పుడు అంటున్నా, ఇక్కడ డాక్టర్లు ఇంకా చెబుతూనే ఉన్నారు.

ఇంకో ప్రశ్న ఆమెకు ఉంది. "ఇది ఎప్పుడు వచ్చిందో రిపోర్టులో తెలుస్తాదా అన్నా?" అని అత్తగారు పక్కకు వెళ్లినప్పుడు నన్నే అడిగింది. తెలియదు అని చెప్పాను. ఈ జీవి ఆడవాళ్లలో నెలలు, ఏళ్లు కూడా లక్షణాలు లేకుండా ఉండగలదు. ఎవరి నుంచి ఎవరికి, ఏ పండక్కి అనేది స్లైడ్ చెప్పదు. ఈ రోజు ఇక్కడ ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. భర్తను అనుమానించి ఇంట్లో గొడవ పడటానికి గానీ, కోడలిని నిలదీయడానికి గానీ మా రిపోర్టు పనికిరాదు. ఆ మాట కూడా చెప్పాను, అది నా పని కాకపోయినా.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చెప్పారు. మళ్లీ అంటుకోవడం ఈ జబ్బులో మామూలు కాబట్టి ఆడవాళ్లకు ఇది అవసరమే. పీసీఆర్ అయితే మూడు వారాల లోపు చేయకూడదు, చచ్చిన జీవుల జన్యు పదార్థం మిగిలి ఉండి పాజిటివ్ అని చూపిస్తుంది. మే నెల చివర్లో ఆమె వచ్చింది. స్వాబ్ తీసిన నాలుగు నిమిషాలకు స్లైడ్ చూశాను. ఫీల్డ్ తర్వాత ఫీల్డ్ పది నిమిషాలు వెతికాను. పస్ సెల్స్ ఒకటీ అరా ఉన్నాయి, ఏదీ దేన్నీ తోయడం లేదు. అయినా ఒక నమూనా పీసీఆర్‌కు విశాఖ పంపారు, అదీ నెగెటివ్ వచ్చింది.

అప్పటి నుంచి మా రిపోర్టు కాగితంలో రెండు గళ్లు కొత్తగా చేర్చాం: నమూనా తీసిన సమయం, స్లైడ్ చూసిన సమయం. రెండింటి మధ్య గంట దాటితే 'ట్రైకోమోనాస్ లేదు' అని రాయం. 'నమూనా ఆలస్యంగా అందింది, కదలిక చూడటానికి పనికిరాదు, తాజా నమూనా పంపండి' అని రాస్తాం. రాజాం కలెక్షన్ సెంటర్ కుర్రాడు మొదట్లో ఫోన్ చేసి గొణిగాడు, పేషెంట్లు డబ్బులు వెనక్కి ఇమ్మంటున్నారని. ఇప్పుడు వెట్ మౌంట్ స్లిప్పు వస్తే స్వాబ్ తీయకుండా మనిషినే విజయనగరం బస్సెక్కిస్తున్నాడు.